సింగపూర్‌లో కంటైనర్ ఆగింది: కస్టమర్‌కి ఏ తేదీ చెప్పాలి, ఏ దారి చూపాలి?

మాది విజయవాడలో బేకరీ, హోటల్ యంత్రాల దిగుమతి వ్యాపారం. పిండి కలిపే యంత్రాలు, ప్లానెటరీ మిక్సర్లు, డెక్ ఓవెన్లు చైనాలోని నింగ్బో నుంచి తెప్పిస్తాం. పెద్ద ఓడ సింగపూర్ దాకా తెస్తుంది. అక్కడ కంటైనర్ దిగి, ఫీడర్ అనే చిన్న ఓడ ఎక్కి విశాఖపట్నం వస్తుంది. 2024 మే నెలాఖరులో ఆ మధ్య మజిలీలోనే మా కంటైనర్ ఇరుక్కుపోయింది. అప్పుడు మా ఎదుట ఉన్న దారులు ఏవి, ఎవరికి ఏది సరిపోయింది, తేదీ ఎలా లెక్కగట్టాం అన్నది ఇక్కడ రాస్తున్నాను. మీ సరుకు వేరైనా, మీ పోర్టు వేరైనా లెక్క మాత్రం ఇదే.

ముందు కారణం రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే కస్టమర్ అడిగే మొదటి ప్రశ్న అదే. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడలపై హౌతీల దాడులు మొదలయ్యాయి. యూరప్ ఓడలు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలెట్టాయి. దాంతో ఏ ఓడా తన వారం తను రాకుండా, నాలుగైదు ఒకేసారి సింగపూర్ చేరేవి. ఆలస్యాన్ని పూడ్చుకోవాలని కొన్ని షిప్పింగ్ లైన్లు తర్వాతి మజిలీలు వదిలేసి, ఆ కంటైనర్లన్నీ సింగపూర్‌లోనే దించేశాయి. యార్డు నిండితే క్రేన్ల పని నెమ్మదిస్తుంది, క్రేన్లు నెమ్మదిస్తే బయట ఓడలు ఆగుతాయి. అక్కడి టెర్మినల్ సంస్థ పీఎస్ఏ, వాడకం ఆపేసిన పాత కెప్పెల్ బెర్తులను మళ్లీ తెరవాల్సి వచ్చింది. కస్టమర్‌కి ఇంత చెప్పక్కర్లేదు. “సింగపూర్ పోర్టులో రద్దీ, మన కంటైనర్ ఎక్కాల్సిన ఓడ తప్పిపోయింది” అంటే చాలు. ఆయనకు కావలసింది ఆ తర్వాతి వాక్యం.

తేదీ ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి

షిప్పింగ్ లైన్ వెబ్‌సైటులో కంటైనర్ నంబరు కొడితే విశాఖ చేరే తేదీ ఒకటి కనిపిస్తుంది. దాన్నే కస్టమర్‌కి పంపేయడం అందరూ చేసే పని. ఆ పొరపాటు నేనూ చాలాసార్లు చేశాను. ఆ తేదీ కంటైనర్‌ది కాదు, అది ఎక్కుతుందని అనుకుంటున్న ఓడది. కంటైనర్ ఇంకా యార్డులోనే ఉన్నా, దానికి వేరే ఓడ కేటాయించేదాకా పాత తేదీయే కనిపిస్తూ ఉంటుంది.

చూడాల్సింది ఆ పేజీలోనే కింది వరుసల్లో ఉంటుంది. `Discharged` అని ఉంటే పెద్ద ఓడ నుంచి దిగింది అని మాత్రమే అర్థం. ఫీడర్ పేరుతో సహా `Loaded` అని వచ్చేవరకు ఎవరికీ ఖాయమైన మాట ఇవ్వకూడదు.

మా పాత లెక్క ఇది. పెద్ద ఓడ మే 27న సింగపూర్ బెర్తుకి రావాలి. ఫీడర్ ప్రతి శుక్రవారం బయల్దేరుతుంది, అంటే మే 31న. విశాఖకి ఆరు రోజులు, జూన్ 6. అక్కడ దించడం, కస్టమ్స్, డ్యూటీ కట్టడం, రాత్రి లారీలో విజయవాడ, గోడౌన్‌లో పెట్టెలు విప్పి యంత్రాలు నడిపి చూడడం అన్నీ కలిపి ఇంకో ఆరు రోజులు. అంటే జూన్ 12. అందరికీ ఆ తేదీయే చెప్పాం.

పెద్ద ఓడ మూడు రోజులు బయటే లంగరేసుకుని మే 30న బెర్తుకి వచ్చింది. మన కంటైనర్ దిగేసరికి ఫీడర్‌కి సరుకు తీసుకోవడం ఆపేశారు. తర్వాతిది జూన్ 7. అది దొరికితే విశాఖకి 13న, కస్టమర్‌కి 19న. కానీ అలా ఓడ తప్పిన కంటైనర్లు వందల్లో ఉంటాయి, అందరూ 7 మీదే కళ్లు పెట్టుకుంటారు. అదీ తప్పితే జూన్ 14 ఫీడర్, విశాఖకి 20న, కస్టమర్‌కి 26న.

ఇక్కడ మూడు రకాలుగా మాట ఇవ్వొచ్చు. “19న ఇస్తాం” అనొచ్చు. “19 నుంచి 26 లోపు” అనొచ్చు. లేదా చివరి తేదీ ఒకటి, మళ్లీ కబురు చెప్పే తేదీ ఒకటి ఇవ్వొచ్చు. మొదటిది వినడానికి బాగుంటుంది కానీ ఒక్క ఫీడర్ తప్పితే మాట పోతుంది. రెండోది లెక్క ప్రకారం నిజమే, అయితే వినేవాడు 19 ఒక్కటే గుర్తుపెట్టుకుంటాడు, 20న ఫోన్ చేస్తాడు. నా అనుభవంలో మూడోదే నిలబడుతుంది. మేం చెప్పింది ఇది: “జూన్ 28 శుక్రవారం లోపు మీ దగ్గరుంటుంది. జూన్ 8 శనివారం మళ్లీ ఫోన్ చేస్తాను.” 26కి రెండు రోజులు కలిపి 28 అన్నాం. 8 ఎందుకంటే, 7న ఫీడర్ ఎక్కిందో లేదో తెలిసేది ఆ రోజే. కబురు తేదీ ఊరికే వారం తర్వాత అని పెట్టుకోవద్దు. కొత్త సంగతి తెలిసే రోజుకి ముడిపెట్టండి.

చెప్పడం ఎప్పుడు? ఫీడర్ తప్పిందని తెలిసిన రోజే. “7న ఎక్కుతుందేమో, అప్పుడే చెబుదాం” అని మా గోడౌన్ మేనేజర్ అన్నాడు. ఆ వారం రోజులే కస్టమర్ వేరే ఏర్పాటు చేసుకోగలిగే రోజులు. వాటిని మనం దాచిపెట్టుకుంటే తర్వాత ఎన్ని దారులు చూపినా పనికిరావు.

ఎంపిక దేన్ని బట్టి

ఫోన్ చేసే ముందు ఒక్కో కస్టమర్ గురించి మూడు సంగతులు రాసుకోవాలి.

మొదటిది, ఆయన అసలు గడువు. ఆర్డరులో రాసిన తేదీ వేరు, యంత్రం లేకపోతే పని ఆగిపోయే రోజు వేరు. ఆ కంటైనర్‌లో ఏడుగురి ఆర్డర్లున్నాయి, అందులో తెనాలి బేకరీది ఒకటి. ఆర్డరులో జూన్ 12 అనే ఉంది. కానీ ఆ ఏడు వేసవంతా మూఢం, ఆపైన ఆషాఢం, ప్రారంభం పెట్టుకుంది శ్రావణంలో. ఆయనకు నిజానికి నెలన్నర పైగా వ్యవధి ఉంది. గుంటూరులో హాస్టల్‌కి మాత్రం బడులు తెరిచే రోజే గడువు, అది జూన్ రెండో వారం. ఇద్దరి ఆర్డరు తేదీ ఒకటే, ఇబ్బంది మాత్రం ఒకటి కాదు.

రెండోది, ఆర్డరులో ఏ వస్తువు లేకపోతే పని ఆగుతుంది అన్నది. మూడోది, అదనపు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఎంతవరకు అన్నది. ఈ మూడోది ముందే తేల్చుకోకుండా ఫోన్ చేస్తే, కస్టమర్ గొంతు పెంచగానే మనం ఏదో ఒకటి ఒప్పేసుకుంటాం.

| దారి | చేతికొచ్చేది | అదనపు ఖర్చు | మళ్లీ తేదీ తప్పే ప్రమాదం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ఆగడం | జూన్ 28 లోపు | లేదు | ఉంది, ఫీడర్ చేతిలో | గడువు దూరంగా ఉన్నవారికి |
| తాత్కాలిక యంత్రం | రెండు రోజుల్లో | రవాణా, మనది | చాలా తక్కువ | రోజువారీ పని నడవాల్సినవారికి |
| బదులు మోడల్ | నాలుగైదు రోజుల్లో | ధరలో తేడా | తక్కువ | సైజు, బ్రాండ్ పట్టింపు లేనివారికి |
| విమానంలో వేరే యంత్రం | రెండు వారాల్లో | చాలా ఎక్కువ | మధ్యస్థం | చిన్న విడిభాగాలకు |
| రద్దు, అడ్వాన్సు వాపసు | వెంటనే | లేదు | లేదు | బయట దొరికేవారికి |

ఆగడం

ఎక్కువమంది తీసుకునే దారి ఇదే. ఖర్చు లేదు, ఎంచుకున్న యంత్రమే వస్తుంది. కాకపోతే “ఆగండి” అని వదిలేస్తే అది దారి కాదు. తెనాలి ఆయనతో మాట్లాడినప్పుడు ఓవెన్ కింద ఫ్లోరింగ్ అయ్యిందా, గ్యాస్ లైన్ వేశారా అని అడిగాను. రెండూ కాలేదు. ఓవెన్ కొలతల డ్రాయింగు ఆ సాయంత్రమే పంపాం. యంత్రం వచ్చేసరికి స్థలం సిద్ధమైంది, ఆయనకు పోయిన రోజులంటూ ఏమీ లేవు.

ఆయన అడిగిన ప్రశ్న దాదాపు అందరూ అడుగుతారు: “ఏవండీ, ఆ కంటైనర్లోంచి మాదొక్కటి తీయించి వేరే ఓడలో పంపించలేరా?” కుదరదు. కంటైనర్‌కి నింగ్బోలో వేసిన సీలు విశాఖ దాకా అలాగే ఉండాలి. మధ్య పోర్టులో అది వేల పెట్టెల మధ్య ఏ వరుసలోనో ఉంటుంది. ఒక్క సరుకు కోసం దాన్ని బయటికి తీయించి, విప్పించి, కొత్త పత్రాలతో మళ్లీ పంపడం మనలాంటి చిన్న దిగుమతిదారుకి అయ్యే పని కాదు. “ప్రయత్నిస్తాం” అనకుండా “కుదరదండీ, ఎందుకంటే ఇదీ” అని చెప్పేయడమే మర్యాద.

తాత్కాలిక యంత్రం

నాకు అన్నిటికంటే నమ్మకమున్న దారి ఇది. మన రంగంలో తక్కువమంది వాడతారు, ఎందుకో తెలియదు. హాస్టల్ వాళ్లది 25 కిలోల పిండి యంత్రం. మా షోరూములో డెమో కోసం పెట్టుకున్న 10 కిలోల యంత్రం ఉంది. రోజూ చపాతీకి వాళ్లు కలిపేది దాదాపు 30 కిలోలు. పెద్ద యంత్రంలో రెండు వాయిలు అయ్యేది చిన్నదాంట్లో మూడు నాలుగు వాయిలవుతుంది. పొద్దున అరగంట ముందు లేవాలి, అంతే. వంటమేస్త్రితోనే మాట్లాడి ఒప్పించాం, ఎందుకంటే లేవాల్సింది ఆయన.

పంపే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పెద్ద యంత్రం త్రీ ఫేజ్, డెమోది సింగిల్ ఫేజ్. హాస్టల్ వంటగదిలో ఆ గోడకి త్రీ ఫేజ్ సాకెట్టు మాత్రమే ఉంది. ఎలక్ట్రీషియన్ ముందు రోజే వెళ్లి 15 ఆంపియర్ల పాయింటు వేయకపోతే యంత్రం చేరినా ఊరికే కూర్చునేది. ఇది అమ్మకం కాదు కాబట్టి ఇన్వాయిస్ రాయకూడదు, డెలివరీ చలానా మీద పంపాలి. విలువ 50,000 దాటితే చలానాకీ ఈ-వే బిల్లు కావాలి. చలానా మీదే “కొత్త యంత్రం అందిన రోజు వాపసు” అని రాసి సంతకం తీసుకున్నాం. రానూపోనూ ట్రాలీ కిరాయి 3,600 మేమే పెట్టుకున్నాం.

బదులు మోడల్

మన దగ్గరో, ఊళ్లో ఇంకో డీలర్ దగ్గరో ఉన్న వేరే మోడల్ ఇవ్వడం. ఇక్కడ తొందర పనికిరాదు. 30 లీటర్ల మిక్సర్ అడిగినవారికి 20 లీటర్లది అంటగడితే ఆ వారం గడుస్తుంది కానీ, పండగ కేకుల ఆర్డర్లు వచ్చినప్పుడు మనల్నే తిట్టుకుంటారు. పెద్ద మోడల్ ఇస్తే మంచిదే, తేడా డబ్బు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. మేం సగం సగం అన్నాం. ఇంకో సంగతి: బదులిచ్చే యంత్రానికి బౌల్, హుక్, బెల్టు లాంటివి రేపు దొరుకుతాయా అన్నది మనం చెప్పాలి, కస్టమర్‌కి అడగాలని తోచదు. దొరకవంటే ఆ దారి చూపకపోవడమే మేలు.

విమానం

“ఎంతైనా పర్లేదు, ఫ్లైట్‌లో తెప్పించండి” అనేవారు ఉంటారు. ఎంతో తెలిస్తే చాలామంది ఆ మాట అనరు. ఇరుక్కున్న యంత్రాన్ని తీయలేం కాబట్టి ఫ్యాక్టరీ నుంచి ఇంకో యంత్రం తేవాలి. విమానంలో బరువు ఒక్కటే కాదు, పెట్టె పరిమాణాన్ని కూడా కిలోల్లోకి మార్చి, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగించాలి. మా మిక్సర్ పెట్టె 90, 80, 130. గుణిస్తే 9,36,000, భాగిస్తే 156 కిలోలు. అసలు బరువు 125 అయినా 156కే కట్టాలి. మాకొచ్చిన కొటేషన్ కిలోకు 240 రూపాయలు, అంటే రవాణాకే 37,440. యంత్రం ధర 95,000.

ఫ్యాక్టరీలో సిద్ధం కావడం, బుకింగ్, ఇక్కడ ఎయిర్ కార్గోలో కస్టమ్స్ అన్నీ కలిపితే రెండు వారాలు. అంటే జూన్ 14 ప్రాంతం. 28తో పోలిస్తే రెండు వారాల కోసం 37,000 పైన. పైగా ఓడలో వస్తున్న యంత్రం మన దగ్గర మిగిలిపోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఎవరికివారే తేల్చుకుంటారు. అదే రెండు కిలోల ఓవెన్ కంట్రోలర్ పాడై బేకరీ మూతపడిందంటే, విమానం తప్ప వేరే ఆలోచనే అక్కర్లేదు.

రద్దు

ఇది మొదటి ఫోన్‌లోనే, కస్టమర్ అడగకముందే చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. “కావాలంటే అడ్వాన్సు మొత్తం ఇవాళే వేసేస్తాను” అన్నాక ఆయన గొంతులో మార్పు వినిపిస్తుంది. తాను ఇరుక్కుపోలేదని తెలిసిన మనిషే నిదానంగా ఆలోచిస్తాడు. ఏడుగురిలో రద్దు చేసుకున్నది ఒక్కరే, ఏలూరులో టీ స్టాల్ పక్కన చిన్న బేకరీ పెట్టుకునే కుర్రాడు. అతనికి రోజువారీ అద్దె నడుస్తోంది, ఊళ్లోనే సెకండ్ హ్యాండ్ మిక్సర్ దొరికింది. ఒక్క రూపాయి కోయకుండా పంపాం. ఇన్వాయిస్ ఇచ్చేసి ఉంటే క్రెడిట్ నోటు రాయాలి. సరుకు అమ్మకంలో అడ్వాన్సు దగ్గరే జీఎస్టీ పడదు కాబట్టి ఇన్వాయిస్ రాయని ఆర్డరుకి ఆ పని లేదు.

డీలర్ సంగతి వేరు

రాజమండ్రి డీలర్‌వి పది మిక్సర్లు. ఆయనకు మన క్షమాపణ అక్కర్లేదు, తన కస్టమర్లకి చూపించుకునే కాగితం కావాలి. “అన్నా, నాకు ఫోన్లో చెప్తే నేను వాళ్లకి ఏం చూపించను? లెటర్‌హెడ్ మీద తేదీ వేసి పంపు” అన్నాడు. ఆ రాత్రే పంపాం. షిప్పింగ్ లైన్ పంపిన ఆలస్యం నోటీసు కూడా జతచేశాం. ఆయన పదిలో నాలుగు తర్వాతి కంటైనర్‌కి మార్చుకుని, ఆరు మాత్రం మొదటి లారీలోనే పంపాలని అడిగాడు. టోకున కొనేవారికి “అంతా లేదా ఏమీ లేదు” అనకుండా ఇలా సంఖ్యను విడగొట్టే దారి తప్పకుండా చూపండి.

రాతలో ఎందుకు ఉండాలి

ఫోన్ తర్వాత అందరికీ వాట్సాప్‌లోనూ, ఈమెయిల్‌లోనూ రాసి పంపాం. హాస్టల్‌కి పంపింది ఇలా ఉంది:

> నమస్కారం సార్. సింగపూర్ పోర్టులో రద్దీ వల్ల మీ 25 కిలోల పిండి యంత్రం ఉన్న కంటైనర్ మే 31 ఓడ ఎక్కలేదు. జూన్ 12 అని చెప్పిన మాట నిలబెట్టుకోలేకపోతున్నాం, మన్నించండి. జూన్ 28 శుక్రవారం లోపు యంత్రం మీ దగ్గరుంటుంది. అప్పటిదాకా 10 కిలోల యంత్రం జూన్ 11న మా ఖర్చుతో తెచ్చి బిగిస్తాం. వద్దనుకుంటే అడ్వాన్సు మొత్తం అదే రోజు వాపసు ఇస్తాం. మీకు ఏది కుదురుతుందో సోమవారం లోపు ఒక్క మాట రాయండి. కొత్త సంగతి జూన్ 8న నేనే ఫోన్ చేసి చెప్తాను.

రాతకి ఇంకో కారణం చట్టం. తేదీయే కీలకమని ఒప్పుకున్న ఆర్డరులో ఆ తేదీ తప్పితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం కొన్నవారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆలస్యంగా వచ్చిన సరుకును తీసుకుంటే మాత్రం, తీసుకునేటప్పుడే నష్టపరిహారం అడుగుతానని తెలియజేసి ఉంటేనే తర్వాత అడగగలరు. అందుకే మనకు ఆయన ఒప్పుకున్న మాట రాతలో ఉండాలి. ఆయనకు నష్టం నిజంగా ఉంటే అది కూడా ఆ రాతలోనే ఉండాలి. ఆర్డరులో పోర్టు రద్దీ గురించి ఏ షరతూ లేకపోతే “అది మా చేతిలో లేదు” అన్నంత మాత్రాన బాధ్యత పోదు. ప్రభుత్వ ఆర్డర్లలో ఇంకా జాగ్రత్త: జెమ్ పోర్టల్ షరతుల్లో ఆలస్యానికి వారానికి అర శాతం చొప్పున పది శాతం దాకా కోత ఉంటుంది. గడువు పెంచమని పాత తేదీ దాటకముందే రాసి అడగాలి.

జూన్ 8

7న ఫీడర్ వెళ్లిపోయింది, మన కంటైనర్ ఎక్కలేదు. ఆ శనివారం పొద్దున్నే ఏడుగురిలో మిగిలిన ఆరుగురికీ ఫోన్ చేశాను. చెప్పాల్సింది చిన్నదే: “నిన్నటి ఓడ దొరకలేదండీ. 14 ఓడకి బుకింగ్ ఖాయమైంది. 28 తేదీలో మార్పు లేదు. 15న మళ్లీ చేస్తాను.” ఒక్కరూ కోప్పడలేదు. 19 అని చెప్పి ఉంటే ఆ ఆరు ఫోన్లూ ఆరు తగాదాలయ్యేవి.

14 కూడా తప్పితే ఏం చెప్పాలో ఆ రోజే రాసిపెట్టుకున్నాను. తేదీ జూలై 5కి మారుతుంది, డెమో యంత్రం హాస్టల్‌లో ఇంకో వారం ఉంటుంది, డీలర్‌కి ఆరు మిక్సర్లలో రెండు మా షోరూము నుంచి తీసిస్తాం, రద్దు మాట మళ్లీ అందరి ముందూ పెడతాం. అవసరం పడలేదు. 15 పొద్దున ట్రాకింగ్‌లో ఫీడర్ పేరుతో `Loaded` అని కనిపించింది. 20న విశాఖ, 25 రాత్రి లారీ. 26 మధ్యాహ్నం గుంటూరు హాస్టల్‌లో పెద్ద యంత్రం దించి, చిన్నదాన్ని అదే ట్రాలీలో వెనక్కి తెచ్చుకున్నాం.